గ్రూప్-1కి చదివానని చెప్పడానికి సిగ్గెందుకు?

నిన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నా ఏడాదిన్నర గ్యాప్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు అన్నీ పెడతామంటున్నారు. తీసుకోనా?" ఒళ్లు మండింది.

ఒరేయ్, ఆ కాగితాలు ఇంటర్వ్యూ దాటిస్తాయేమో గానీ వెరిఫికేషన్‌లో దొరికిపోతాయి. నీ యూఏఎన్ నంబర్ అడుగుతారు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో తేదీలతో ఉంటుంది. "చిన్న కంపెనీ, పీఎఫ్ లేదు" అన్నావనుకో, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ తెమ్మంటారు. అప్పుడేం చూపిస్తావు? ఆఫర్ వచ్చి, చేరాక కూడా పంపించేస్తారు.

నాదీ అదే కథ. జూన్ 2022లో టెస్టింగ్ ఉద్యోగం మానేసి అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి కూర్చున్నాను. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాను. పేపర్ లీకై మార్చి 2023లో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాను, సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. ఇందులో నేను దాచుకోవాల్సిందేముంది? అయినా మొదటి ఇంటర్వ్యూలో "పర్సనల్ రీజన్స్ అండి" అన్నాను. "అంటే?" అన్నాడాయన. "హెల్త్." "మీకా, ఇంట్లో వాళ్లకా?" అక్కడితో నోరు ఎండిపోయింది. రెండో చోట నిజమే చెప్పాను గానీ, లీకేజీ మీద ఆవేశంగా పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. ఆయన వాచీ చూసుకున్నాడు.

మూడోసారికి రెజ్యూమెలోనే నెలలతో సహా ఒక లైన్ రాశాను: జూన్ 2022 నుంచి సెప్టెంబర్ 2023 వరకు గ్రూప్-1 ప్రిపరేషన్, ప్రిలిమ్స్ రెండుసార్లు రాశాను. (ఉత్త సంవత్సరాలే వేసి గ్యాప్ కప్పేద్దామనుకునే తెలివి వాళ్లకు ఎప్పుడో తెలుసు.) దాని కింద అక్టోబర్ నుంచి ఏపీఐ టెస్టింగ్ మళ్లీ నేర్చుకుంటూ చేసిన చిన్న ప్రాజెక్టు పెట్టాను. అడిగినప్పుడు మూడు వాక్యాల్లో చెప్పి, ప్రాజెక్టు తెరిచి చూపించాను. హాల్‌టికెట్లు కూడా దగ్గరుంచుకున్నాను, కొన్ని కంపెనీలు గ్యాప్‌కి అఫిడవిట్ అడుగుతాయి కాబట్టి.

అసలు వాళ్ల భయం గ్యాప్ గురించి కాదు. "మళ్లీ నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతావా?" అదీ అసలు ప్రశ్న. "దాచుకున్న డబ్బు అయిపోయిందండి, ఇంకోసారి ఉద్యోగం మానేసి కూర్చోలేను" అన్నాను. అది నిజం కాబట్టి తడబడలేదు.

అందరూ ఒప్పుకుంటారని చెప్పను. గ్యాప్ చూడగానే రెజ్యూమె పక్కన పడేసినవాళ్లున్నారు. జీతం కూడా పాతదానికంటే తక్కువకే ఒప్పుకున్నాను, ఆ మంట ఇప్పటికీ ఉంది. జనవరి 2024లో చేరాను. ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ పడింది. మర్నాడు టీ దగ్గర మా మేనేజర్ ఏమీ అడగలేదు గానీ, నా ముఖం వంక ఒకసారి చూశాడు. "అప్లై చేయలేదు సార్" అన్నాను.