పిల్లిని ‘చంపించారు’ అనే ముందు

ఉగాది పచ్చడి వరుసలో ఒకరు అనేశారు: "పిల్లిని చంపించారట కదా, కాశీలో బంగారు పిల్లిని దానమిచ్చినా ఆ పాపం పోదు." పదిహేనేళ్లు సాకిన పిల్లికి కిడ్నీ జబ్బు ముదిరితే, ఇక బాధపడకూడదని డాక్టరు చేత ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇప్పించి వారం కూడా కాని కుటుంబం అక్కడే నిలబడి ఉంది. నవ్వుతూనే అన్నారు లెండి. అయినా తగిలింది.

"దానంతట అదే పోయేదాకా ఉంచాల్సింది" అనడం తేలికే. కిడ్నీలు పూర్తిగా చెడిన పిల్లి హాయిగా నిద్రలో పోవడం అరుదు. రక్తంలో మలినాలు పేరుకుని కడుపులో తిప్పుతుంది, నోట్లో పుళ్లు పడతాయి. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరుగుతుంది. చివర్లో ఫిట్స్ రావచ్చు. ఇదంతా రోజుల తరబడి సాగుతుంది. నొప్పిలో ఉన్నా పిల్లి గుర్రుగుర్రుమంటుంది, మనమేమో సుఖంగా ఉందనుకుంటాం.

అందుకే పిల్లి బతుకు ఎలా ఉందో మార్కులు వేసి చూడమంటారు. అమెరికన్ వెటర్నరీ క్యాన్సర్ నిపుణురాలు ఆలిస్ విల్లలోబోస్ పట్టికలో ఏడు అంశాలున్నాయి, ఒక్కోదానికి 10 మార్కులు. ఎంత బాగుంటే అంత ఎక్కువ. మొత్తం 35 దాటితే సాకుతూ ఉండొచ్చు. ఆ ఇంటి పిల్లికి నొప్పి లేకపోవడంలో 6, ఆకలికి 2, ఒంట్లో నీటికి 5 పడ్డాయి. ఆ 5 కూడా చర్మం కింద రోజూ సెలైన్ ఎక్కిస్తున్నందుకే. శుభ్రతకు 4, ఉత్సాహానికి 3, నడకకు 5, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నదానికి 3. మొత్తం 28. ప్రేమున్న చేయి మార్కులు ధారాళంగా వేస్తుంది కాబట్టి ఇద్దరు విడివిడిగా వేసి, తేదీతో రాసిపెట్టుకోవాలి. ఒక్క ఊపిరి విషయంలో మాత్రం మొత్తం చూడక్కర్లేదు. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక ఆ ఇంజెక్షన్. మొదటిది మత్తుకు, చర్మం కిందో కండకో ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో గాఢంగా నిద్రపోతుంది. ఆ తర్వాతే ముందుకాలు నరంలోకి పెంటోబార్బిటాల్ ఎక్కిస్తారు. అది మత్తుమందే, మోతాదు చాలా ఎక్కువ. ముందు మెదడు, ఆ వెంటనే ఊపిరి, గుండె ఆగిపోతాయి. నీరు తగ్గిన పిల్లికి నరం దొరక్కపోవచ్చు. అప్పుడు స్పృహ పూర్తిగా పోయిందని చూసుకుని కిడ్నీలోకి ఇస్తారు. కళ్లు మూతపడవు, మూత్రం పోవచ్చు, గుండె ఆగాక కూడా ఒకటి రెండు ఎగశ్వాసలు కనిపించవచ్చు. ముందే చెప్పకపోతే, బతికే ఉందేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మత్తు ముందుగా ఇస్తారో లేదో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. పెరట్లో పూడ్చాలనుకుంటే కౌంటీ నిబంధన కనుక్కుని లోతుగా పూడ్చండి. ఆ మందు కళేబరంలో మిగిలిపోతుంది, తవ్వి తిన్న జంతువూ చస్తుంది.

పెద్దలకు ఒక్క మనవి. ఏ ఇంట్లోనైనా ఈ మార్కుల లెక్క నడుస్తుంటే "ఇంకో నాలుగు రోజులు చూడండమ్మా" అనకండి. ఆ నాలుగు రోజులు చాలాసార్లు ఆదివారం రాత్రి ఎమర్జెన్సీలో, ముక్కూ మొహం తెలియని డాక్టరు బల్ల మీద ముగుస్తాయి. అదే రెండు రోజులు ముందైతే దాని దుప్పటి మీద, దాని కిటికీ పక్కనే అయిపోయేది.