కాలి బొటనవేలి వాపుకు కందిపప్పు కారణం కాదు

"రాత్రి నిద్రలో కాలి బొటనవేలు ఒక్కసారిగా వాచి మంట పుట్టిందా? అది యూరిక్ యాసిడ్. రక్తపరీక్షలో నార్మల్ వస్తే గౌట్ కాదని నిశ్చింతగా ఉండండి. ఎక్కువ వస్తే కందిపప్పు, పాలకూర, టమాటా, పెరుగు వెంటనే మానేయండి. పరగడుపున నిమ్మరసం తాగితే పదిహేను రోజుల్లో కరిగిపోతుంది. మాత్రల జోలికి వెళ్లకండి. మొదలుపెడితే జీవితాంతం మింగాలి, కిడ్నీలు పాడవుతాయి. అందరికీ పంపండి."

ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశంలోని మొదటి మాటలో కొంత నిజముంది. అర్ధరాత్రి దాటాక కాలి బొటనవేలి మొదటి కీలు ఎర్రగా కమిలి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నంత నొప్పి పెడితే, నడివయసు మగవాళ్లలో ఎక్కువగా అది గౌట్ అనే కీళ్ల జబ్బే. మన శరీరంలో ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే పూర్తిగా కరిగి ఉండలేదు. చిక్కటి పాకం చల్లారినప్పుడు పలుకులు కట్టినట్లు, అది కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. గుండెకు దూరంగా ఉండే కాలివేళ్లు ఒంట్లో అన్నిటికంటే చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడే ముందు పేరుకుంటుంది. రాత్రిపూట ఒంటి వేడి తగ్గుతుంది, నీళ్లు తాగం, వాపును అణచే కార్టిసాల్ హార్మోను కూడా తక్కువ స్థాయిలో ఉంటుంది. అందుకే పగటికంటే అర్ధరాత్రికి, తెల్లవారుజాముకు మధ్య గౌట్ దాడులు ఎక్కువ.

కానీ వాచిన ప్రతి బొటనవేలూ గౌట్ కాదు. కీలులో బ్యాక్టీరియా చేరి చీము పట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. జ్వరం, చలి వణుకు ఉన్నా, కాలికి పుండు ఉన్నా, షుగరు అదుపులో లేకపోయినా యూరిక్ యాసిడే కదా అని ఇంట్లో కూర్చోకూడదు. చీము పట్టిన కీలు కొద్దిరోజుల్లోనే పాడైపోతుంది. అనుమానం ఉన్నప్పుడు వైద్యులు సూదితో కీలులోని నీరు తీసి పరీక్షకు పంపుతారు. ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద సూది స్ఫటికాలు కనిపిస్తే గౌట్ అని తేలుతుంది. గౌట్ నిర్ధారణకు 1961 నుంచి ఇంతకు మించిన రుజువు లేదు. అయితే స్ఫటికాలు, చీము రెండూ ఒకే కీలులో ఉండే సందర్భాలూ లేకపోలేదు కాబట్టి ఆ నీటిలో బ్యాక్టీరియా ఉందేమో చూసే కల్చర్ పరీక్షకు కూడా పంపుతారు.

ఆ సందేశంలో నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా తోచినది నార్మల్ రిపోర్టు గురించిన మాట. నేను దగ్గరగా చూసిన ఒకాయన సంగతి చెబుతాను. వయసు 54. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ అనే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసిన మాత్ర వేసుకునేవారు. ఒక పెళ్లికి వెళ్లి మాంసం, బీరు తీసుకుని వచ్చిన రాత్రి రెండు గంటలకు కుడికాలి బొటనవేలి నొప్పితో లేచి కూర్చున్నారు. తెల్లారి పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 6.1 వచ్చింది. రిపోర్టులో 7.2 వరకు నార్మల్ అని ముద్రించి ఉంది. గౌట్ కాదన్నారు, బెణుకు అన్నారు, కట్టు కట్టారు. వారం తిరిగేసరికి నొప్పి దానంతటదే తగ్గింది. కట్టు పనిచేసిందని అందరూ అనుకున్నారు.

జరిగింది వేరు. దాడి నడుస్తున్నప్పుడు ఒంట్లో రేగిన వాపు వల్ల మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను మామూలుకంటే ఎక్కువగా బయటికి పంపుతాయి. అందువల్ల సరిగ్గా నొప్పి ఉన్న రోజుల్లోనే రక్తంలో అంకె పడిపోయి కనిపించవచ్చు. గౌట్ దాడితో వచ్చేవారిలో కొంతమందికి ఆ రోజు రిపోర్టు నార్మల్‌గానే ఉంటుంది. దాడి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటేనే అసలు స్థాయి తెలుస్తుంది. ఆయన అది చేయించుకోలేదు. ఏడు నెలలకు ఎడమకాలి బొటనవేలు, మరో నాలుగు నెలలకు చీలమండ. అప్పుడు చేయించిన పరీక్షలో 8.9. ఇక గౌట్ లేదన్న ప్రశ్నే లేదు. వారం రోజుల్లో నొప్పి దానంతటదే తగ్గిపోవడం కూడా ఈ జబ్బు స్వభావమే. చిట్కాలకు దక్కుతున్న పేరంతా దాని వల్లే.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 7.8 వచ్చింది, ఏ నొప్పీ లేదు. అయినా గౌట్ వచ్చేసిందని బెంగపడతారు. ఎక్కువ ఉన్నవారిలో అధికశాతం మందికి ఎప్పటికీ గౌట్ రాదు. నొప్పి, కిడ్నీలో రాళ్లు ఏవీ లేనప్పుడు అంకె కోసం మాత్ర వేసుకోవలసిన పనిలేదు. మోకాళ్లు అరిగి నొప్పి పెడుతున్నవారికి ఈ అంకె కాస్త ఎక్కువగా కనిపించగానే గౌట్ ముద్ర వేయడం కూడా తప్పే.

ఇక తిండి. మన వంటింటిని ఈ సందేశం అన్యాయంగా దోషిగా నిలబెడుతోంది. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడో వంతు మాత్రమే తిండి నుంచి వస్తుంది. మిగిలినదంతా మన కణాల నుంచి వచ్చేదే. అసలు చిక్కు ఎంత పుడుతోందన్నది కాదు, ఎంత బయటికి పోతోందన్నది. గౌట్ ఉన్నవారిలో నూటికి తొంభై మందిలో మూత్రపిండాలు దాన్ని తగినంతగా వదిలించుకోలేకపోవడమే కారణం. అది చాలావరకు పుట్టుకతో, కుటుంబంలో వచ్చే లక్షణం. దానికి తోడు అధిక బరువు, మూత్రపిండాల జబ్బు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు కలుస్తాయి. ఎంత కఠినంగా పథ్యం చేసినా సాధారణంగా అంకె తగ్గేది ఒక మిల్లీగ్రాము లోపే. 8.9 ఉన్నాయన పప్పు మానేసి 6కి రావడం జరిగే పని కాదు.

పప్పులో, పాలకూరలో ప్యూరిన్లు ఉన్న మాట నిజమే. కానీ అవి గౌట్ తెస్తాయా అని చూసినప్పుడు జవాబు వేరుగా వచ్చింది. అమెరికాలో 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లపాటు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి ఎక్కువగా తిన్నవారికి గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్లు ఎక్కువగా ఉండే కూరగాయలు తిన్నవారికి పెరగలేదు. పాలు, పెరుగు, ముఖ్యంగా వెన్న తీసినవి, ఎక్కువగా తీసుకున్నవారికి ముప్పు తగ్గింది. పెరుగు మానమని చెప్పడమంటే ఉన్న కాస్త రక్షణను తీసేయమనడమే. షుగరు, బీపీ ఉన్న శాకాహారి పప్పు కూడా వదిలేస్తే ఇక మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? తెల్లన్నం, చారు మిగులుతాయి.

టమాటా విషయంలో మాత్రం రోగుల మాటను కొట్టిపారేయను. న్యూజిలాండ్‌లో గౌట్ ఉన్నవారిని అడిగితే చాలామంది టమాటా తింటే దాడి వస్తోందన్నారు. పరిశోధకులు లెక్కలు చూస్తే టమాటాకు, యూరిక్ యాసిడ్‌కు చిన్న సంబంధం కనిపించింది. తిన్న ప్రతిసారీ మీకు తేడా చేస్తోందని మీరే గమనించి ఉంటే తగ్గించుకోండి. అలాంటి అనుభవం లేనివారు పప్పులో టమాటా వేసుకోవడానికి భయపడనక్కర్లేదు.

నిజంగా తగ్గించవలసినవి ఆ సందేశంలో ఎక్కడా లేవు. బీరు, బ్రాందీ, విస్కీ, కార్జం, నెత్తళ్ల వంటి చిన్నచేపలు, వరసగా రెండుపూటలా మాంసం, కూల్‌డ్రింకులు. తీపి కూల్‌డ్రింకుల పేరు విని చాలామంది ఆశ్చర్యపోతారు. వాటిలోని ఫ్రక్టోజ్ కాలేయంలో విరిగేటప్పుడు నేరుగా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ఉపవాసాలు చేసి హడావిడిగా బరువు తగ్గినా దాడి రావచ్చు. నెమ్మదిగా తగ్గితేనే మేలు.

నిమ్మరసం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అందులోని సిట్రేట్ మూత్రంలో ఆమ్లాన్ని కొంత తగ్గించి, కొన్ని రకాల రాళ్లు ఏర్పడకుండా తోడ్పడవచ్చు. ఏళ్లతరబడి కీలులో గట్టిపడిన స్ఫటికాలను పదిహేను రోజుల్లో కరిగించే శక్తి దానికి లేదు. రక్తంలో అంకె నెలల తరబడి 6 కంటే తక్కువగా ఉంటేనే ఆ స్ఫటికాలు మెల్లగా కరుగుతాయి. చెవి అంచున, మోచేతి మీద తెల్లటి గడ్డలు కట్టినవారికి 5 కంటే తక్కువ ఉండాలి.

చివరి మాట మాత్రల మీద. ఇక్కడ రెండు రకాల మందులను కలగాపులగం చేయడం వల్లే భయం పుట్టింది. నొప్పి తగ్గించేవి వేరు, యూరిక్ యాసిడ్ తగ్గించేవి వేరు. దాడి వచ్చినప్పుడు కాల్చిసిన్ గాని, నాప్రోక్సెన్ వంటి నొప్పిమాత్ర గాని, కొద్దిరోజులు స్టెరాయిడ్ గాని ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తాయి. కాల్చిసిన్‌ను ఇప్పుడు తక్కువ మోతాదులోనే వాడతారు. నీళ్ల విరేచనాలు పట్టేదాకా గంటగంటకూ మింగించే పాత పద్ధతి పోయింది. మూత్రపిండాలను నిజంగా దెబ్బతీసేవి డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు. కిడ్నీల భయంతో, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యురినాల్ మానేసినవాళ్లే మందుల షాపులో చీటీ లేకుండా ఆ నొప్పిమాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగుతుంటే చూసి బాధ కలుగుతుంది.

అల్లోప్యురినాల్ మూత్రపిండాలను పాడుచేయదు. అవి బలహీనంగా ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు, అంతే. దీర్ఘకాలం వాడాలన్నది మాత్రం నిజం. ఆపితే అంకె మళ్లీ పెరుగుతుంది, కొన్నాళ్లకు దాడులు తిరిగి వస్తాయి. అందుకే ఒక్కసారి దాడి వచ్చిన అందరికీ ఇది ఇవ్వరు. ఏడాదికి రెండు, అంతకుమించి దాడులు వచ్చినవారికి, గడ్డలు కట్టినవారికి ఇస్తారు. మూత్రపిండాల జబ్బు గాని, రాళ్లు గాని ఉండి గౌట్ వస్తే, లేదా అంకె 9 దాటి ఉంటే మొదటి దాడికే ఆలోచిస్తారు.

పైన చెప్పిన పెద్దాయనకు అల్లోప్యురినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఐదో వారంలో మళ్లీ బొటనవేలు వాచింది. ఇంట్లోవాళ్లు చూశావా, మాత్రే తెచ్చిందన్నారు. ఒకరకంగా అది నిజమే. అంకె తగ్గేటప్పుడు పాత స్ఫటికాలు కదిలి దాడి రేగడం మామూలు. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తోడుగా తక్కువ మోతాదు కాల్చిసిన్ ఇవ్వాలి. ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ముందుగా చెప్పనూ లేదు. తర్వాత అది చేర్చారు, అల్లోప్యురినాల్ ఆపకుండా నెలకోసారి పరీక్ష చూస్తూ 300 వరకు పెంచారు. బీపీ మాత్రను లోసార్టన్‌కు మార్చారు, అది యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గిస్తుంది కూడా. ఇప్పుడు అంకె 5.4. రోజూ పప్పు తింటారు.

అల్లోప్యురినాల్‌తో నిజంగా భయపడవలసినది ఒకటుంది, ఆ సందేశం దాని ఊసే ఎత్తలేదు. మొదటి రెండు మూడు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, జ్వరం వచ్చినా మాత్ర అక్కడికక్కడే ఆపి అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. అరుదే గాని ప్రాణాంతకమైన అలర్జీకి అది తొలి గుర్తు కావచ్చు. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ అనే మందు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి, ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.