అన్ని గడుల్లోనూ ఆన్‌లైన్‌దే గెలుపా? ఆ పట్టికకు ఒక ఖండన

“గ్రూప్-2కి ఆన్‌లైన్ కోర్సు 2,999 రూపాయలు, కర్నూలు కోచింగ్ 18,000. వీడియోలు, డౌట్లు, సెలక్షన్లు, ఏ గడి చూసినా ఆన్‌లైన్‌దే పైచేయి. ఇంకా సెంటర్లకు పోయి డబ్బు కట్టేవాళ్లకు పట్టిక చదవడం రాదన్నమాట.”

ఒక ఆన్‌లైన్ కోర్సునూ మా సెంటర్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టికతో పాటు వచ్చిన మాటలివి. నేను కర్నూలులో ఒక కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూస్తూ, వారానికి రెండు రోజులు ఎకానమీ పాఠం చెబుతాను. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే అనుకుని చదవండి. పట్టికలో అంకెలు తప్పని నేను అనడం లేదు. అవి దేనికి దేన్ని పోలుస్తున్నాయన్నదే నా అభ్యంతరం.

ముందుగా ఫీజు గడి. కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. మా 18,000లో అది కలిసే ఉంటుంది; పట్టికలో రాసిన 2,999 మాత్రం పన్ను కలపకముందు ధర, చివరి తెరలో చెల్లించేటప్పుడు అది 3,539 అవుతుంది. అంతకంటె ముఖ్యమైనది గడువు. ఆ కోర్సు గడువు ఒక ఏడాది. గత గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది, మెయిన్స్ వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. నోటిఫికేషన్ చూసి వెంటనే ఏడాది కోర్సు కొన్న అభ్యర్థికి మెయిన్స్‌కు రెండు నెలల ముందు, అంటే పునశ్చరణ చేసుకోవలసిన సమయంలో, యాప్ మూతపడి ఉంటుంది. మళ్లీ అదే ధరకు కొంటే మొత్తం 7,078 అవుతుంది. అప్పటికీ మా ఫీజులో సగం కాలేదు, ఆ మాట దాచవలసిన పని లేదు.

పైగా ఆ పట్టిక రాసినవారు హాస్టల్ ఖర్చు వదిలేసి, తమకు తెలియకుండానే మాకు ఒక ఉపకారం చేశారు. కోసిగి నుంచో ఆలూరు నుంచో వచ్చే అభ్యర్థి ఫీజు ఒక్కటే కట్టి ఊరుకోలేడు, ఇక్కడ హాస్టల్లో ఉండాలి. నెలకు 5,000 చొప్పున నాలుగు నెలలు అనుకున్నా 20,000 అవుతుంది, అంటే అతనికి కర్నూలు కోచింగ్ ఖర్చు 38,000. అదే కర్నూలు పాతబస్తీలో సొంతిల్లున్న అమ్మాయికి అది 18,000 దగ్గరే ఆగుతుంది. కోడుమూరు నుంచి రోజూ వచ్చిపోయే మహిళకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి ఆమె లెక్క కూడా ఇంచుమించు అంతే, కాకపోతే రోజుకు కొన్ని గంటలు బస్సులో పోతాయి. అభ్యర్థి ఎక్కడ ఉంటాడన్నది చెప్పకుండా ఫీజుకు ఒకే గడి పెట్టడమే పట్టికలోని మొదటి లోపం. ఈ వరుసకు ఒకటి కాదు, మూడు గడులు కావాలి.

డౌట్ల వరుసలో ఆన్‌లైన్‌కు టిక్కు, మాకు ఇంటూ గుర్తు పెట్టారు. మా పాత కరపత్రంలో ఇదే వరుస తిరగేసి ఉండేది, ఆ సంగతీ చెప్పుకోవాలి. టిక్కు పెట్టడం ఎవరికైనా సులువే కనుక మేము ఒకే సందేహాన్ని రెండు వైపులా అడిగి చూశాం. ఇరవై లక్షలకు మించని జనాభా గల రాష్ట్రంలో మధ్యస్థాయి పంచాయతీ ఏర్పాటు చేయకుండా ఉండవచ్చని 243బి అధికరణం చెబుతుంది. మరి జనాభా సరిగ్గా ఇరవై లక్షలే ఉంటే ఏమిటన్నది సందేహం. ఒక యాప్‌లో రాత్రి తొమ్మిదింటికి అడిగితే మరునాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది, కాని వచ్చింది జవాబు కాదు, పంచాయతీరాజ్ మీద నలభై నిమిషాల పైబడిన ఒక వీడియో లింకు. మా దగ్గర పాలిటీ సారు మంగళ, శుక్రవారాల్లోనే వస్తారు కాబట్టి శనివారం అడిగిన పిల్లవాడు మంగళవారం దాకా ఆగవలసి వచ్చింది. అయితే ఆయన “మించని” అన్న మాట కింద గీత గీసి, సరిగ్గా ఇరవై లక్షలున్నా ఆ మినహాయింపు వర్తిస్తుందని, “తక్కువ” అని ఉంటే వర్తించేది కాదని రెండు నిమిషాల్లో తేల్చారు. ఇప్పుడు గడిలో ఏమి రాయాలి? టిక్కూ కాదు, ఇంటూ కాదు. ఎన్ని గంటల్లో వచ్చింది, అడిగినదానికే వచ్చిందా అన్న రెండు విషయాలు రాయాలి, ఏ తేదీన అడిగి చూశామో కూడా రాయాలి. ఆలస్యంలో మేము ఓడాము, జవాబులో వారు ఓడారు. ఒక్క సందేహంతో తీర్పు చెప్పలేం కనుక సబ్జెక్టుకు అయిదు చొప్పున అడిగి చూడాలన్నది మా తర్వాతి పని.

వీడియో గంటల వరుస మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎన్ని గంటలు ఎక్కించారన్నది సరుకు లెక్క, ఎన్ని గంటలు చూశారన్నది చదువు లెక్క. తప్పిపోయిన పాఠాన్ని మళ్లీ వినే వీలు మా దగ్గర లేదు కాబట్టి ఈ వరుస నిస్సందేహంగా వారిదే.

సెలక్షన్ల గడిలో వారికి 1,200, మాకు 60 అని ఉంది. ఎంతమందిలో అన్న సంఖ్య పక్కన లేకపోతే ఈ రెండింటినీ పోల్చడానికి వీలే లేదు. మా 60 పేర్లను రిజిస్టరుతో సరిచూస్తే క్లాసుకు వచ్చినవారు 41 మందే, మిగిలిన 19 మంది ఆదివారం టెస్టులు మాత్రమే రాసినవారని తేలింది. ఆ 41 మందిలో కొందరు ఏదో ఒక యాప్ టెస్ట్ సిరీస్ కూడా కొన్నారు కాబట్టి అదే పేరు అవతలి 1,200లోనూ ఉండవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు ఇచ్చిన మార్గదర్శకాలు సరిగ్గా ఈ గడి గురించే మాట్లాడుతున్నాయి. విజేత ఏ కోర్సు, ఎంతకాలం తీసుకున్నాడో, అది డబ్బు కట్టినదా కాదా అన్నది చెప్పాలి. ఎంపికైన తర్వాత అతని రాతపూర్వక సమ్మతి తీసుకున్నాకే పేరు, ఫోటో వాడాలి. ఇది ఆన్‌లైన్ సంస్థలకూ మాకూ ఒకేలా వర్తిస్తుంది. ఈ వరుసలో ఉండదగినవి చేరినవారు, మెయిన్స్ రాసినవారు, ఎంపికైనవారు అన్న మూడు సంఖ్యలు. అవి ఇవ్వని సంస్థ గడిని ఖాళీగా వదలడమే న్యాయం, అది మాదైనా సరే.

ఆ పట్టికలో అసలు లేని నిలువు వరుస ఒకటి ఉంది. కౌంటర్ దగ్గర నాతో మాట్లాడి చేరకుండా వెళ్లినవారిలో చాలామంది ఏ యాప్‌లోనూ చేరలేదు. వారు జిల్లా గ్రంథాలయంలోనో అద్దె రీడింగ్ రూములోనో కూర్చుని, ఉచిత యూట్యూబ్ పాఠాలూ పాత ప్రశ్నపత్రాలూ పెట్టుకుని చదువుతున్నారు. మాకూ ఆ యాప్‌కూ నిజమైన పోటీదారు వారి పద్ధతే. దాన్ని పట్టికలోకి తెస్తే ఫీజు, వీడియోల వరుసల్లో ఇద్దరమూ ఓడిపోతాం. ఎవరైనా దిద్దిన టెస్టు, అడిగినదానికి జవాబు, రోజూ హాజరు చూసే మనిషి అన్న మూడు వరుసలు మాత్రమే డబ్బు తీసుకునేవారికి మిగులుతాయి.

కౌంటర్ మీద ఉన్న మా పాత పట్టికను ఈ లెక్కన తీసేశాం. కొత్తదానిలో ప్రతి గడి కింద తేదీ ఉంది, డౌట్ల గడిలో మా మూడు రోజుల ఆలస్యం అలాగే ఉంది. కోసిగి నుంచి వచ్చి హాస్టల్ సంగతి అడిగేవారికి ఇప్పుడు యాప్ కోర్సు తీసుకుని, ఆదివారం టెస్టులకు మాత్రం మా దగ్గరికి రమ్మని చెబుతున్నాం. మా యజమానికి ఈ పద్ధతి ఇంకా పూర్తిగా రుచించలేదు.