ఖాళీ ఇల్లా, సామాన్లున్న ఇల్లా, హోటల్ గదా?

"క్లౌడ్‌లో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, ప్లాట్‌ఫామ్, సాఫ్ట్‌వేర్... మూడూ అద్దెకే కదా, తేడా ఏంటి?"

ఏదైనా పాడైతే ఎవరు లేచి బాగుచేయాలి అన్నదే తేడా అండి. మొదటిది ఖాళీ ఇల్లు: గోడలు, కరెంటు వాళ్లవి, పొయ్యి నుంచి తాళం దాకా మీవి. నేను అలాగే ఒక సర్వర్ తీసుకుంటే లాగ్ ఫైళ్లు పెరిగి పెరిగి ఒక రాత్రి సైట్ ఆగిపోయింది, `df -h` కొట్టి చూస్తే డిస్క్ 100% నిండిపోయి ఉంది, కంపెనీకి ఫోన్ చేస్తే మెషిన్ బాగానే ఉందన్నారు. నిజమే మరి, లోపలి చెత్త నాది. రెండోది సామాన్లతో ఇచ్చే ఇల్లు, ఆపరేటింగ్ సిస్టమ్, దాని అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు, మనం కోడ్ పెడితే చాలు (కోడ్‌లో తప్పుంటే మాత్రం ఆ టెన్షన్ మనదే). మూడోది హోటల్ గది, జీమెయిల్ లాంటిది: పక్క వేసే ఉంటుంది, కానీ గోడకు మేకు కొట్టనివ్వరు. పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పేస్తే ఆ పాపం అక్కడా మీదే.