ఎనభై నాలుగు శాతమైతే కల్తీ అట, డెబ్బై ఐదు శాతమైతే ఫ్యాషన్ అట

ఇందాకే బంగారం షాపు నుంచి వచ్చాం. అత్తయ్య వచ్చినప్పటి నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

విజయవాడలో ఒక పెద్ద షోరూమ్. పేరు రాయను. బయట పెద్ద హోర్డింగ్, దాని మీద ఒక ముసలావిడ తన కాసులపేరు మనవరాలి మెడలో వేస్తున్న బొమ్మ. ఆ బొమ్మ చూసే అత్తయ్య అక్కడికి వెళ్దామన్నారు. ఆవిడ కాసులపేరు ఐదు కాసుల బరువు, అంటే 40 గ్రాములు. ఆవిడ పెళ్ళికి తెనాలిలో ఆచారిగారు ఇంట్లో కూర్చుని చేసిన నగ. దాన్ని మార్చి మా అమ్మాయికి రోజూ ఆఫీసుకు వేసుకునే గొలుసు, చెవులకు ఏదైనా తీసుకుందామని ఆవిడే అన్నారు.

ఎక్స్ఛేంజ్ కౌంటర్ అబ్బాయి నగ మెషిన్‌లో పెట్టి, అందరికీ వినపడేలా "ఎనభై నాలుగే చూపిస్తోందమ్మా, ఇందులో కల్తీ ఉంది, అప్పట్లో కంసాలులు ఇలాగే చేసేవాళ్ళు" అన్నాడు. అత్తయ్య ముఖం నేను చూశాను. ఆచారిగారు లేరు, మామయ్యగారు లేరు, సమాధానం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఆవిడ దాచుకున్న నగకు ఒక్క నిమిషంలో దొంగ సరుకని పేరు పెట్టేశాడు.

పెళ్ళికి ముందు నేను ఒక నగల షాపులో బిల్లింగ్ చూసేదాన్ని. కాబట్టి ఆ మెషిన్ ఏం చేస్తుందో నాకు తెలుసు. అది ఎక్స్-రే మెషిన్. నగ మీద ఏ చోట పెడితే ఆ చోటే, అదీ పైపొర మాత్రమే చదువుతుంది. కాసులపేరులో ప్రతి కాసుకీ ఒక కొక్కెం ఉంటుంది, దాన్ని టంకం పెట్టి అతికిస్తారు. టంకం నగ కన్నా తక్కువ వేడికే కరగాలి, లేకపోతే అతికించేటప్పుడు కాసే కరిగిపోతుంది. అందుకే టంకంలో రాగి, వెండి ఎక్కువ పాళ్ళు కలుపుతారు. అది మోసం కాదు, చేతిపని నగ అలాగే నిలబడుతుంది. ఈ అబ్బాయి కొక్కెం దగ్గర పెట్టి చదివాడు. కాసు ముఖం మీద పెట్టమని నేను పట్టుబడితే తొంభై దాటి చూపించింది. అప్పుడు "మొత్తం సగటు కరిగిస్తేనే తెలుస్తుంది మేడమ్" అన్నాడు. అది నిజమే. మరి కరిగించాకే తెలిసే సంగతిని, కరిగించకుండా, పెద్దావిడ ముందు కల్తీ అని ఎలా అన్నావు బాబూ?

అసలు నన్ను మండించింది ఇది కాదు. తర్వాత జరిగింది.

అదే షాపులో, ఎదురుగా ఉన్న కౌంటర్‌లో, మా అమ్మాయికి ఒక సన్నటి గొలుసు, చెవిపోగుల సెట్ నచ్చింది. నిజంగానే బాగున్నాయి. ఇది ఎన్ని క్యారెట్లు అని అడిగితే సేల్స్ అమ్మాయి "హాల్‌మార్క్ ఉంది మేడమ్, ప్యూరిటీ గురించి టెన్షనే లేదు" అంది. భూతద్దం అడిగి చూశాను. సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తు, పక్కన 18K750, ఆ పక్కన ఆ ఒక్క నగకే ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. 750 అంటే వెయ్యిలో ఏడు వందల యాభై పాళ్ళు, డెబ్బై ఐదు శాతం బంగారం. మా అత్తయ్య ఎనభై నాలుగు కల్తీ అట. వీళ్ళ డెబ్బై ఐదు లేటెస్ట్ కలెక్షన్ అట. రెండు మాటలూ ఒకే కప్పు కింద, పది అడుగుల దూరంలో విన్నాం!

18 క్యారెట్ల మీద నాకేం కోపం లేదు, ముందే చెబుతున్నాను. 22 క్యారెట్ల బంగారం మెత్తన, సన్నటి గొలుసు రోజూ వేసుకుంటే వంగుతుంది, సాగుతుంది, రాళ్ళు పట్టి ఉంచే కొనలు వదులవుతాయి. 18లో గట్టిదనం ఉంటుంది. ఆఫీసుకు వేసుకునే పిల్లలకు అదే సరైనది. చెప్పి అమ్మండి! 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ ముద్ర ఎన్ని క్యారెట్లని రాశారో అన్ని ఉన్నాయని మాత్రమే చెబుతుంది. అంతేగానీ 22 ఉందని చెప్పదు. మన ఇళ్ళల్లో సగం మందికి హాల్‌మార్క్ అంటే 916, అంటే 22 క్యారెట్లు, అనే లెక్క. ఆ సంగతి షాపు వాళ్ళకు బాగా తెలుసు. తెలిసే "హాల్‌మార్క్ ఉంది" దగ్గర ఆపేస్తారు.

ఇక లెక్క చూడండి. తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్లు గ్రాము పదివేలు అనుకుందాం. అప్పుడు 18 క్యారెట్లు దాదాపు 8,180 అవుతుంది. ఆ సెట్ 12 గ్రాములు, బంగారం విలువ దాదాపు 98 వేలు. దాని మీద తరుగు, మజూరీ కలిపి వీఏ అని వేసేది 24 శాతం, మరో 23,500 పైనే. మూడు శాతం జీఎస్టీ కూడా కలిపితే 1,25,000 దాటింది. రేపు వెనక్కి తీసుకెళ్తే ఎంతిస్తారని అడిగాను. సేల్స్ అమ్మాయి మేనేజర్ వైపు చూసింది, మేనేజర్ "అప్పటి పాలసీని బట్టి మేడమ్" అన్నాడు. బోర్డు మీద 22 క్యారెట్ల రేటు ఒక్కటే ఉంది. 18ది ఎక్కడా లేదు. అడిగితే క్యాలిక్యులేటర్ తీశారు.

ఇప్పుడు ఆ హోర్డింగ్ వేయించిన వాళ్ళకు చెబుతున్నాను. బంగారం షాపు పరువు ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గరే తేలుతుంది, ప్రకటనలో కాదు. కొనేటప్పుడు ఎవరైనా నవ్వుతూనే మాట్లాడతారు. పాత నగ ఇచ్చేటప్పుడే మనిషికి భయం. 1990ల్లో తనిష్క్ మొదలైనప్పుడు వాళ్ళూ 18 క్యారెట్లతో, కొత్త డిజైన్లతోనే వచ్చారు. మన దేశంలో ఆడవాళ్ళు కొనలేదు. 22కి మారక తప్పలేదు. తర్వాత షాపుల్లో క్యారెట్ మీటర్ పెట్టి, మీ నగ మీరే చూసుకోండి అన్నారు. తక్కువ వచ్చిన వాళ్ళను అవమానించి పంపలేదు. 19 క్యారెట్లకు పైన ఉంటే మజూరీ కట్టించుకుని 22 క్యారెట్ల నగ ఇచ్చే పథకం పెట్టారు. నష్టం షాపు తన మీద వేసుకుంది. అదే మెషిన్, వాడిన తీరు వేరు. ఆ తర్వాత ఉద్యోగాలు చేసే అమ్మాయిల కోసం తేలికపాటి నగలు చేసినప్పుడు 2011లో మియా అని వేరే పేరు పెట్టుకున్నారు. అమ్మమ్మ ఏ కౌంటర్‌కు వెళ్ళాలో, మనవరాలు ఏ కౌంటర్‌కు వెళ్ళాలో అప్పుడు ఎవరికీ అయోమయం ఉండదు. మన ఊరి షాపులు మాత్రం ఒకే పేరు కింద అమ్మమ్మ బొమ్మ, 916 నమ్మకం, 18 క్యారెట్ల డిజైన్ మూడూ కలిపేస్తాయి. ఒకదానికి వచ్చిన నమ్మకంతో ఇంకోటి అమ్ముతాయి.

ఇక సంప్రదాయం పేరుతో నడిచే నక్షి సెక్షన్ సంగతి. లక్ష్మీదేవి బొమ్మలు, వడ్డాణాలు, అరవంకీలు. అక్కడ వీఏ శాతం మరీ ఎక్కువ, చేతిపని కదా అంటారు. చేతిపనికి డబ్బు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ దాన్ని శాతంలో ఎందుకు పెడతారు? గ్రాము ఐదువేలు ఉన్నప్పుడు 20 గ్రాముల నగకు 20 శాతం అంటే 20 వేలు. గ్రాము పదివేలైతే అదే నగకు, అదే పనివాడు అన్ని రోజులే కూర్చుని చేసినా 40 వేలు. తరుగులో నిజంగా పోయే బంగారం కొంత ఉంటుంది, దాని విలువ పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ పనివాడి కూలి రెండింతలైందా? ఆ తేడా మా ఆచారిగారి లాంటి వాళ్ళ చేతికి వెళ్ళదు. ఆయన మజూరీ రూపాయల్లో చెప్పేవారు, తరుగు విడిగా గ్రాముల్లో చెప్పేవారు. అలాంటి మనిషినా ఆ అబ్బాయి దొంగ అన్నది!

ఈ కోపం ఇవాళ్టిది కాదు, స్కీము నాటిది. నెల నెలా డబ్బు కట్టే బంగారం స్కీములు మీరూ కట్టే ఉంటారు. పదకొండు నెలలే ఎందుకో తెలుసా? నగ కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోపు సరుకుగా ఇచ్చేయాలి, లేకపోతే అది కంపెనీల చట్టం కింద డిపాజిట్ అవుతుంది. మా ఆయన అలాంటిది ఒకటి పూర్తిగా కట్టారు, "తరుగు లేదు" అన్న మాట నమ్మి. తీరా తీసుకోబోతే తరుగు మినహాయింపు 18 శాతం వరకేనట. అమ్మాయికి నచ్చిన హారం 26. మిగతా ఎనిమిది శాతం కట్టమన్నారు. 18 లోపు ఉన్నవి చూపించండి అంటే సాదా గాజులు, గొలుసులు రెండు ట్రేలు తెచ్చారు. కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వరు, నగే తీసుకోవాలి. ఆ రోజు గాజులు తీసుకుని వచ్చేశాం. స్కీము కార్డు మీద కూడా అమ్మమ్మ బొమ్మే ఉంది.

మీలో ఎవరైనా పాత నగ మార్చాలనుకుంటే ముందు షాపుకు కాదు, బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. మామూలు జనం నగలు కూడా పరీక్ష చేస్తారు, నాలుగు నగల వరకు 200 రూపాయలే. రిపోర్టు చేతిలో ఉంటే కౌంటర్‌లో ఎవరూ గొంతు పెంచరు. షాపులో కరిగిస్తామంటే మీ ఎదురుగా కరిగించమనండి. ముందు బరువు, తర్వాత బరువు రాయించండి. ముద్ద మీదే శాతం చదివించండి. ఒప్పుకోకపోతే ముద్ద వెనక్కి ఇస్తారా అని కరిగించక ముందే అడగండి, కరిగాక కాసులపేరు మళ్ళీ రాదు. కొత్త నగ కొంటే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు అక్షరాలు కొట్టి చూడండి, ఎన్ని క్యారెట్లో అక్కడే కనిపిస్తుంది. హాల్‌మార్క్ నగ మీద ముద్ర వేసిన దానికన్నా ప్యూరిటీ తక్కువ తేలితే, ఆ తేడాకు రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా షాపు ఇవ్వాలని రూల్ ఉంది. బిల్లు పారేయకండి.

కాసులపేరు వెనక్కి తెచ్చేసుకున్నాం. అత్తయ్య ఇక దాన్ని ఎవరికీ ఇవ్వనన్నారు, నేనూ అడగను. అమ్మాయికి మాత్రం గొలుసు కొనాలి, 18 క్యారెట్లదే. రేటు బోర్డు మీద 18 క్యారెట్ల ధర విడిగా రాసి, వెనక్కి ఎంతకు తీసుకుంటారో బిల్లు మీదే రాసిచ్చే షాపు మీకు తెలిస్తే కామెంట్లలో చెప్పండి. విజయవాడ అయినా సరే, గుంటూరు అయినా సరే, వస్తాం.