సార్‌కు నువ్వు గుర్తున్నావారా?

(నల్గొండలో ఒక ఇల్లు. రాత్రి తొమ్మిది. అన్నం తిన్న కంచం ఇంకా తీయలేదు, తమ్ముడు ఫోన్‌లో రాస్తున్నాడు, తుడుస్తున్నాడు.)

అక్క: ఏంరా, గంట నుంచి ఒక్క లైన్‌నే కొట్టి కొట్టి చెరుపుతున్నవ్?

తమ్ముడు: పాత మేనేజర్ సార్‌కు మెయిల్ అక్కా. ఎమ్మెస్ అప్లికేషన్‌కు రికమెండేషన్ లెటర్ కావాలె. విను: "సర్, నేను గుర్తున్నానా? మీ దగ్గర ఇంటర్న్‌గా చాలా నేర్చుకున్నాను. ఒక మంచి లెటర్ ఇవ్వగలరు."

అక్క: ఆయనకే పరీక్ష పెడుతున్నవా? రెండేండ్లల్ల ఎంతమంది ఇంటర్న్‌లు వచ్చిపోయిండ్రో! ఏ నెల నుంచి ఏ నెల దాకా చేసినవ్, ఏం పని చేసినవ్, అది ముందు రాయి.

తమ్ముడు: ఫ్లోరైడ్ ప్రాజెక్టు మొత్తం నేనే చేసిన అని రాస్తా.

అక్క: ప్రపంచంల ఎవరి దగ్గరైనా కోతలు కొయ్యి గానీ, పక్కన కూసోని చూసినాయన దగ్గర కొయ్యకు. నిజంగా ఏం చేసినవ్?

తమ్ముడు: మర్రిగూడ వైపు బోర్ల నీళ్ల రీడింగులు షీట్‌లోకి ఎక్కించిన. ఒక బోరుకు లీటరుకు 12 మిల్లీగ్రాములని వచ్చింది. 1.5 దాటితేనే తాగొద్దంటరు గదా, నేను భయపడి రిపోర్ట్‌లో ఎర్ర రంగు పూసిన. సారేమో పాత రీడింగులు తీసి చూడమన్నడు. చూస్తే 1.2. చుక్క పెట్టుడు మరిచిపోయిన.

అక్క: అదే రాయి!

తమ్ముడు: నా తప్పును నేనే గుర్తు చేయాల్నా?

అక్క: ఆ తర్వాత ఏం చేసినవ్?

తమ్ముడు: పాత రీడింగ్‌కు మూడింతలు దాటితే షీటే ఆపి అడిగేటట్టు ఫార్ములా పెట్టిన. సార్ దాన్ని మిగతా మండలాల షీట్లకు కూడా పెట్టించిండు.

అక్క: మరి! "చాలా నేర్చుకున్నాను" అంటే ఆయన రాసేదేముంటది? ఈ చుక్క కథైతే లెటర్‌లో ఒక పేరా తనే రాస్తడు. రెజ్యూమే, చివరి తేదీ కూడా పెట్టు. కింద "వీలు కాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి" అను.

తమ్ముడు: అట్లంటే కాదంటడేమో!

అక్క: కాదననీ. మొహమాటానికి రాసిస్తే "కుర్రాడు మంచివాడు, టైమ్‌కు వచ్చేవాడు" అని రెండు లైన్లు వస్తయ్. అది పెట్టుకుని ఏ కాలేజీకి పోతవ్? సరే, సార్ ఒప్పుకున్నంకనే అప్లికేషన్‌లో ఆయన పేరు, మెయిల్ ఐడీ ఎక్కించు. ఎక్కించి పంపినవంటే యూనివర్సిటీ నుంచి లింకు నేరుగా ఆయనకే పోతది.

(తమ్ముడు కంచం తీసుకుని లేస్తాడు.)

అక్క: ఎప్పుడూ లేంది కంచం ఎందుకు తీస్తున్నవ్?

తమ్ముడు: అదీ... మొన్ననే ఎక్కించిన.

అక్క: మొన్ననా!

తమ్ముడు: పొద్దున రిమైండర్ కూడా పోయిందంట.

అక్క: కూసో. "గుర్తున్నానా" తీసెయ్, ఇప్పుడు బాగానే గుర్తుంటవ్. "క్షమించండి సర్"తో మొదలుపెట్టు.