ఆదివారం ఆరు గంటలలోగా జవాబు

శుక్రవారం సాయంత్రం 6.40కి మా మేనకోడలికి ఆఫర్ మెయిల్ వచ్చింది. ఋషికొండ మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యాక నెల రోజులుగా ఎదురుచూస్తున్న మెయిల్ అది. గాజువాకలో వాళ్లింట్లో అప్పటికే స్వీట్లు పంచేశారు. రాత్రి తొమ్మిదికి నాకు ఫోన్ చేసింది. "మావయ్యా, ఆదివారం సాయంత్రం ఆరులోగా ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వమన్నారు. ఇచ్చేయనా?" అంది. "మెయిల్ నాకు పంపమ్మా, రేపు పొద్దున్న మాట్లాడుకుందాం" అన్నాను.

నేను పద్దెనిమిదేళ్లు ప్రైవేటు కంపెనీల్లో నియామకాల పని చూశాను. ఇలాంటి మెయిళ్లు వందల కొద్దీ పంపాను. గడువు తక్కువగా ఎందుకు పెడతారో నాకు తెలుసు. ఒక కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌ను ఇంకో కంపెనీకి చూపించి జీతం పెంచమని అడిగేవాళ్లుంటారు. నాలుగు చోట్ల ఒప్పుకొని, చేరాల్సిన రోజు మూడు చోట్లకు రానివాళ్లూ ఉంటారు. ఆ సీటు కోసం కాచుకున్న ప్రాజెక్టు మేనేజర్ మా మీద అరుస్తాడు. ఆ ఇబ్బంది నిజమే. కానీ దానికి మందుగా శుక్రవారం సాయంత్రం మెయిల్ పంపి, ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తని శని, ఆదివారాలను గడువుగా పెట్టడం తప్పు. అలా పెడితే సందేహం అడగడానికి అవతల మనిషే ఉండడు.

విశాఖలో ఈ ఒత్తిడి ఇంకాస్త ఎక్కువ. హైదరాబాద్‌లో ఒక ఆఫర్ పోతే పక్క వీధిలో ఇంకో ఇంటర్వ్యూ ఉంటుంది. ఇక్కడ కంపెనీలు పెరుగుతున్నా, ఒక అమ్మాయి నేర్చుకున్న పనికి సరిపోయే ఖాళీలు ఏడాదిలో ఎన్నో రావు. ఇది పోతే మళ్లీ గోదావరి ఎక్కి హైదరాబాద్ పోవాల్సిందేనన్న భయం ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ఆ భయంతో మెయిల్ చదివితే జీతం అంకె, చేరాల్సిన తేదీ మాత్రమే కనిపిస్తాయి. మిగతా వాక్యాల మీద చూపు నిలవదు.

శనివారం పొద్దున్న ముందు జీతం లెక్క వేశాం. మెయిల్‌లో ఏడాదికి 6,00,000 అని ఉంది. దాన్ని పన్నెండుతో భాగించి నెలకు యాభై వేలు అనుకుంటోంది మా మేనకోడలు. కింద జతచేసిన పట్టికలో చూస్తే, అందులో 60,000 వేరియబుల్ పే. ఏడాది చివర్లో, పనితీరును బట్టి, అప్పటికి ఉద్యోగంలో ఉంటేనే ఇస్తారు. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ కింద 14,430 చూపించారు. ఆరోగ్య బీమా ప్రీమియం 8,370. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,95,600, అంటే నెలకు 41,300. అందులోంచి మా మేనకోడలి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 39,300. కొత్త పన్ను విధానంలో ఈ ఆదాయానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి అక్కడ కోత లేదు.

ఇందులో మోసం ఏమీ లేదు. ప్రతి అంకె పట్టికలో ఉంది. పీఎఫ్ తన ఖాతాలోనే పడుతుంది, అది తన డబ్బే. గ్రాట్యుటీ విషయం వేరు. పర్మనెంటు ఉద్యోగి సాధారణంగా ఐదేళ్లు పూర్తిచేస్తేనే అది చేతికొస్తుంది. రెండేళ్లకు మానేసేవాళ్లకు ఆ 14,430 ఎప్పటికీ అందని డబ్బు. ఇప్పుడు తనకు నెలకు 34,000 వస్తోంది. పదహారు వేలు పెరుగుతాయనుకున్నది 5,300 మాత్రమే పెరుగుతోంది. గాజువాక నుంచి ఋషికొండకు రోజూ ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లిరావాలి, లేదంటే మధురవాడలో హాస్టల్ చూసుకోవాలి. ఆ ఖర్చు పోగా ఏం మిగులుతుందో లెక్కేసుకుని కూడా చేరతానంది. పని మంచిదని, నేర్చుకోవడానికి ఉంటుందని అంది. అది సరైన కారణమే.

అసలు చిక్కు జీతంలో లేదు, షరతుల్లో ఉంది. రెండో పేజీలో ఒక వాక్యం: చేరాల్సిన తేదీ, ఆఫర్ ఇచ్చిన రోజు నుంచి ముప్పై రోజులు. ఆ తేదీకి చేరకపోతే ఆఫర్ దానంతటదే రద్దవుతుంది. మూడో పేజీలో ఇంకో వాక్యం: చేరే రోజున పాత కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటర్ సమర్పించాలి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంతృప్తికరంగా ఉండాలి, లేదంటే ఆఫర్ వెనక్కి తీసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండూ మామూలు వాక్యాలే. నేనూ అలాగే రాసేవాణ్ని. కానీ మా మేనకోడలి పాత ఉద్యోగంలో నోటీస్ పీరియడ్ అరవై రోజులు. ముప్పై రోజులకు చేరితే రిలీవింగ్ లెటర్ ఉండదు. రిలీవింగ్ లెటర్ తెచ్చుకుంటే ముప్పై రోజులు దాటిపోతాయి. ఒక షరతు పాటిస్తే ఇంకోటి తప్పుతుంది. ఆదివారం ఒప్పుకొని సోమవారం పాత ఉద్యోగానికి రాజీనామా చేస్తే ఈ సంగతి నెల తర్వాత బయటపడేది.

నోటీస్ రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడొచ్చు కదా అని మా బావ అడిగాడు. దాన్నే బయౌట్ అంటారు. అయితే మా మేనకోడలి పాత అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూస్తే, బయౌట్‌కు ఒప్పుకోవాలా వద్దా అన్నది యాజమాన్యం ఇష్టం అని ఉంది. చాలా లెటర్లలో అలాగే ఉంటుంది. పోనీ ముందే అడిగి చూద్దామా అంటే, వెళ్లిపోతున్న సంగతి ముందే తెలిసిపోతుంది. అంటే కొత్త కంపెనీ పెట్టిన షరతు నెరవేరడం మా మేనకోడలి చేతిలో లేదు, పాత మేనేజర్ చేతిలో ఉంది. షరతుల్లో నేను అన్నిటికంటే ముందు వెతికేది ఇదే. మన చేతిలో ఉన్నవి ఏవి, మూడో మనిషి చేతిలో ఉన్నవి ఏవి?

ఇప్పుడు జవాబు ఎలా రాయాలన్నది ప్రశ్న. ఇక్కడే చాలామంది తెలియక నష్టపోతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఈ మెయిళ్లకూ వర్తిస్తుంది. ఈమెయిల్‌లో కుదిరింది కదా అని ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతుంది. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, ఏ మార్పూ లేకుండా ఉండాలి. "ఒప్పుకుంటున్నాను, కానీ చేరే తేదీ అరవై రోజులకు మార్చాలి" అని రాస్తే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. అలా రాసిన క్షణం మొదటి ఆఫర్ పోయినట్టే లెక్క. వాళ్లు కాదంటే, "సరే, పాత షరతులకే వస్తాను" అనే హక్కు మనకు మిగలదు. "చేరే తేదీ మార్చడానికి వీలవుతుందా" అని అడిగితే అది ప్రశ్న మాత్రమే, ఆఫర్ అలాగే నిలిచి ఉంటుంది. రెండు వాక్యాలకూ తేడా చిన్నదే. దాని ఫలితం పెద్దది.

గడువు గురించి ఇంకో అపోహ ఉంది. ఆదివారం ఆరు గంటలు అని రాశారు కాబట్టి అప్పటిదాకా ఆఫర్ మనదే అనుకుంటారు. ఆ గడువు దాటితే ఆఫర్ ముగిసిపోతుందన్నది నిజం, 6వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ గడువులోగా మనం ఒప్పుకోకముందే కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, 5వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. అప్పటిదాకా తెరిచి ఉంచుతామని మన దగ్గర ఏ ప్రతిఫలమూ తీసుకోలేదు కదా. అందుకని ప్రశ్నలు అడగాలంటే ఆదివారం సాయంత్రం దాకా ఆగకూడదు.

శనివారం మధ్యాహ్నమే మెయిల్ రాశాం. ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది. ఆఫర్‌కు కృతజ్ఞతలు, ఈ ఉద్యోగంలో చేరాలనే ఉంది. నా ప్రస్తుత నోటీస్ పీరియడ్ అరవై రోజులు, ఈ సంగతి ఇంటర్వ్యూలో చెప్పాను. రిలీవింగ్ లెటర్ అందిన మరుసటి పనిదినం చేరేలా, అయితే అరవై ఐదు రోజులు దాటకుండా, తేదీ పెట్టడానికి వీలవుతుందా? బయౌట్ అవసరమైతే ఆ డబ్బు కంపెనీ ఇస్తుందా? ప్రస్తుత కంపెనీని మినహాయించి, మిగతా వెరిఫికేషన్ నేను రాజీనామా చేయకముందే మొదలుపెట్టగలరా? ఈ ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా, మంగళవారం సాయంత్రం వరకు, గడువు పొడిగించగలరా?

మూడో ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం. చదువు సర్టిఫికెట్లు, చిరునామా, అంతకుముందు చేసిన ఉద్యోగాలు, పీఎఫ్ యూఏఎన్‌లో కనిపించే సర్వీసు వివరాలు ముందే చూసేయవచ్చు. ఇబ్బందులు వచ్చేది సాధారణంగా వీటిలోనే. డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మన దగ్గర మామూలు. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంగా ఉంటుంది. పాత కంపెనీ యూఏఎన్‌లో మానేసిన తేదీ వేయకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనబడుతుంది. ఇవన్నీ రాజీనామాకు ముందు బయటపడితే దిద్దుకోవచ్చు. తర్వాత బయటపడితే పాత ఉద్యోగం ఉండదు, కొత్తది ఆగిపోతుంది. ఒప్పుకున్నాక కంపెనీ వెనక్కి తగ్గినా, షరతు నెరవేరలేదన్న వాక్యం వాళ్లను కాపాడుతుంది. కోర్టుకు వెళ్లినా ప్రైవేటు ఉద్యోగం బలవంతంగా ఇప్పించడం సాధారణంగా జరగదు. దక్కితే కొంత పరిహారం దక్కుతుంది, అదీ ఏళ్లు గడిచాక.

ఆదివారమంతా ఇంట్లో టెన్షన్. ఆరు దాటింది, జవాబు లేదు. మా అక్క నా మీద కోప్పడింది, "వచ్చిన ఉద్యోగం పోగొట్టావురా" అంది. ఆమె భయం అర్థం కానిది కాదు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చట్టం ప్రకారం ఆఫర్ ముగిసినట్టే, వాళ్లు మళ్లీ ఇస్తేనే ఉంది. ఇది నిజమైన రిస్కు. ఐదున్నరకల్లా జవాబు రాకపోతే ఉన్నది ఉన్నట్టు ఒప్పుకొని, రాజీనామా మాత్రం ఆపుదామా అని మేం ముందే మాట్లాడుకున్నాం. పాటించలేని తేదీకి మాటివ్వనని తనే అంది.

సోమవారం పదకొండుకు ఫోన్ వచ్చింది. హెచ్ఆర్‌లోని అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. ముప్పై రోజులన్నది అందరికీ వెళ్లే నమూనా లెటర్‌లో ఉన్న మాటేనని, నోటీస్ పీరియడ్ సంగతి తన దాకా రాలేదని చెప్పింది. ఫోన్‌లో చెప్పింది చాలదు, సవరించిన లెటర్ పంపమని అడిగాం. బుధవారం వచ్చింది. రిలీవింగ్ అయిన మరుసటి పనిదినం, అరవై ఐదు రోజులు మించకుండా. బయౌట్ డబ్బు రసీదు చూపిస్తే మొదటి జీతంతో ఇస్తారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. వెరిఫికేషన్ మొదలుపెట్టారు. వేరియబుల్ పే ఏ లెక్కన ఇస్తారో మాత్రం రాయలేదు. చేరాక చెబుతామన్నారు. ఆ అరవై వేలను ఇంటి లెక్కలో కలపొద్దని చెప్పాను.

కంపెనీల వైపు కూర్చున్నవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. గడువు పనిదినాల్లో ఇవ్వండి, మూడు చాలు. నెలకు చేతికొచ్చే అంకెను మెయిల్‌లోనే రాయండి, పట్టిక వెతుక్కునే పని పెట్టొద్దు. చేరే తేదీని ఆఫర్ రోజుకు కాకుండా రిలీవింగ్ రోజుకు ముడిపెట్టండి. నేను పంపిన వందల లెటర్లలో ఈ చివరి మార్పు ఒక్కసారీ చేయలేదు. అభ్యర్థి నోటీస్ పీరియడ్ ఇంటర్వ్యూ ఫారంలో నా కళ్ల ముందే ఉండేది. దాన్ని లెటర్‌లోకి ఎక్కించడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు.

మా మేనకోడలు వెరిఫికేషన్ రిపోర్టు వచ్చాక, ఒప్పుకుంటున్నానని మెయిల్ పంపిన మర్నాడు రాజీనామా ఇచ్చింది. పాత కంపెనీ యాభై రెండో రోజున వదిలింది. మిగిలిన ఎనిమిది రోజులకు రోజుకు 1,200 చొప్పున 9,600 కట్టి రసీదు తీసుకుంది. రిలీవింగ్ లెటర్ శుక్రవారం చేతికొచ్చింది, సోమవారం ఋషికొండ బస్సెక్కింది.